26 గడుల్లో తెలుగు పేరు

పాత కృష్ణా జిల్లా మెట్టలో, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా వీరులపాడు మండలంలో పొన్నవరం అనే ఊరుంది. 2021 ఏప్రిల్ నుంచి 2022 ఆగస్టు దాకా దేశ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ నూతలపాటి వెంకటరమణ పుట్టింది అక్కడే. ఇంగ్లీషులో ఆయన పూర్తి పేరును NUTHALAPATI VENKATA RAMANA అని రాస్తారు. ఇందులో అక్షరాలు 24, మధ్యలో ఖాళీలు రెండు, మొత్తం 26. బ్యాంకు కార్డు మీద ఖాతాదారు పేరుకు అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చిన చోటు కూడా సరిగ్గా 26 గడులే. ఇంకొక్క అక్షరం ఎక్కువైతే ఈ పేరు కార్డులో పట్టదు.

ఆయన సొంత కార్డుల మీద, టికెట్ల మీద ఏముందన్నది ఇక్కడ విషయం కాదు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో వేలమందికి ఇలాంటి పేర్లే ఉంటాయి. ఇంటిపేరు ముందు, తర్వాత వెంకట, నాగ, సత్య లాంటి మాట, దాని తర్వాత పిలిచే పేరు. అందరికీ తెలిసిన పేరు కాబట్టి లెక్కకు దీన్ని తీసుకుంటే, గడులు తగ్గేకొద్దీ ఏమవుతుందో కళ్లకు కడుతుంది.

```
NUTHALAPATI VENKATA RAMANA    26
NUTHALAPATI/VENKATAR          20
NUTHALAPATI VEN               15
```

మొదటి వరస బ్యాంకు కార్డుది. రెండోది విమానం బోర్డింగ్ పాసు మీది బార్‌కోడ్‌లో పట్టేంత. మూడోది రైల్వే కౌంటర్‌లో ఇచ్చే రిజర్వేషన్ ఫారం చెప్పే పరిమితి. పేరు పెద్ద అక్షరాల్లో, 15 అక్షరాలకు మించకుండా రాయాలని ఆ ఫారంలోనే అచ్చేసి ఉంటుంది. మూడో వరసలో రమణ అన్న మనిషే లేడు. ఇంటిపేరు భద్రంగా ఉంది, పిలిచే పేరు పోయింది. పొడవాటి పేర్లను కార్డుల్లో, టికెట్లలో కుదించే పనిలో తెలుగువాళ్లకు జరిగే నష్టమంతా ఈ మూడో వరసలో ఉంది.

ఈ గడులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే కోత ఎందుకు ఇలా పడుతుందో అర్థమవుతుంది. బ్యాంకు కార్డు వెనక ఉండే నల్లటి అయస్కాంత పట్టీలో మొదటి వరసను రూపొందించింది బ్యాంకులు కాదు, విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ. టికెట్ అమ్మకాల కోసం దాన్ని తయారు చేశారు. ఆ వరసలో మొత్తం 79 అక్షరాలు పడతాయి. కార్డు నంబరుకు 19 దాకా, గడువు తేదీకి 4, సేవల సంకేతానికి 3 పోగా, పేరుకు కనీసం 2, గరిష్ఠం 26 అని నిర్ణయించారు. ఆ తర్వాత చిప్ కార్డులు వచ్చినా మామూలు పేరు గడికి అదే 26ను ఉంచేశారు. అంతకు మించిన పేర్ల కోసం చిప్‌లో 45 దాకా పట్టే మరో గడి ఉన్నా, కార్డు మీద అచ్చయ్యే పేరు మాత్రం పాత కొలత చుట్టూనే తిరుగుతోంది.

అయస్కాంత పట్టీ వరసలో పేరు ఇంటిపేరుతో మొదలై, గీత పడి, ఆ తర్వాత సొంత పేరుతో ఉంటుంది. పాశ్చాత్య పద్ధతిలో ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి దాన్ని తెచ్చి ముందు పెట్టారు. వాళ్లకు చివరి నుంచి కోత పడితే పోయేది రెండో పేరు. మామూలుగా పిలవడానికి వాడనిది, పోయినా పెద్దగా లోటు లేనిది. తెలుగు పేరులో ఇంటిపేరు మొదటి నుంచీ ముందే ఉంటుంది. పైగా అది ఊరి పేరు మీదనో వంశం మీదనో వచ్చిన పొడుగాటి మాట. మనిషిని గుర్తుపట్టే మాట చివర ఉంటుంది. అదే కత్తెర ఇక్కడ వేస్తే తెగేది అసలు పేరే.

రైల్వేది వేరే చరిత్ర. దేశంలో కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలైంది. ఊరూరి కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడానికి తయారైన కాన్సర్ట్ అనే కొత్త వ్యవస్థను 1994 సెప్టెంబరులో మొట్టమొదట పెట్టింది సికింద్రాబాద్‌లోనే. టికెట్ మీదా, అప్పట్లో బోగీ తలుపు పక్కన అంటించిన చార్టు మీదా ఒక్కో ప్రయాణికుడికి ఒక్క వరస, అందులోనే పేరు, వయసు, బెర్తు అన్నీ పట్టాల్సి వచ్చేది. పేరుకు చోటు బిగించడానికి అప్పుడు అర్థముంది. కానీ తెలుగువాళ్ల ఊరిలోనే మొదలైన వ్యవస్థలో కూడా తెలుగు పేరును ఎలా కుదించాలో ఫారం ఒక్క మాట చెప్పదు. 15 అని మాత్రం చెబుతుంది. మిగతాది రాసేవాళ్ల ఇష్టం, కొట్టేవాళ్ల తొందర.

కోత పడితే ఏమిటి నష్టం, నంబరు సరిగా ఉంటే చాలదా అని అడిగేవాళ్లున్నారు. పదకొండు అక్షరాల ఇంటిపేరున్న కుటుంబంలో వెంకటరమణ, వెంకటేశ్వర్లు, వెంకటలక్ష్మి కలిసి రైలెక్కారనుకుందాం. చివరి నుంచి కోస్తే ముగ్గురి పేర్లూ ఒకే 15 అక్షరాలవుతాయి. టీటీఈ చేతిలోని జాబితాలో వాళ్లను విడదీసేవి వయసు, ఆడా మగా అన్న గుర్తు మాత్రమే. ఇద్దరు అన్నదమ్ములకు ఏడాది తేడా ఉంటే ఎవరి బెర్తు ఎవరిదో పేరును బట్టి తేలదు. ఒకరు ప్రయాణం మానుకుంటే ఎవరి టికెట్ రద్దు చేయాలో కూడా తేలదు.

దీనికి రెండో పద్ధతి ఒకటుంది. చివరి మాటను పూర్తిగా ఉంచి, ముందున్న వాటన్నిటినీ ఒక్కో అక్షరానికి కుదించడం. కొన్ని సాఫ్ట్‌వేర్లు చేసేది ఇదే. రమణ పేరుకు ఇది చక్కగా సరిపోతుంది, N V RAMANA వస్తుంది. దేశమంతా ఆయన్ను పిలిచింది అలాగే. కానీ ఘంటసాల వెంకటేశ్వరరావు పేరు తీసుకోండి. GHANTASALA VENKATESWARA RAO అని రాస్తే 27, అంటే కార్డు గడుల కంటే ఒకటి ఎక్కువ. చివరి నుంచి కోస్తే RAO కాస్తా RA అవుతుంది. చివరి మాటను కాపాడే పద్ధతిలో G V RAO అవుతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ వీధిలో పిలిచినా ఇద్దరు ముగ్గురు పలికే పేరది. ఒక్క అక్షరం ఎక్కువైనందుకు ఇరవై అక్షరాలను పారేసి, అందరికీ ఉండే రావును మిగిల్చారు.

ఇక్కడ ఆదాయపు పన్ను శాఖను మెచ్చుకోవాలి. పాన్ కార్డు కోసం ఏళ్ల తరబడి వాడిన 49ఏ ఫారంలో పేరును రెండు చోట్ల అడిగేవారు. ఒకచోట పొడి అక్షరాలు లేకుండా పూర్తి పేరు, ఇంకోచోట కార్డు మీద ఎలా అచ్చు వేయాలో ఆ పేరు. ఫారం వెనక సూచనల్లో ఇచ్చిన ఉదాహరణ తెలుగువాళ్ల పేరులాగే ఉండేది. SATYAM VENKAT M. K. RAO అన్న పేరును కార్డు మీద అలాగే వేయించుకోవచ్చు, SATYAM V. M. K. RAO అనీ వేయించుకోవచ్చు, S. V. M. K. RAO అనీ వేయించుకోవచ్చు. చివరి పేరు మాత్రం పూర్తిగా ఉండి తీరాలి. పూర్తి పేరు ఒకచోట దాచి, పొట్టి పేరును మనిషినే ఎంచుకోమనడం సరైన పద్ధతి. చివరి పేరు తప్పనిసరి అనడంలోనే చిక్కు. తెలుగువాళ్లలో కొందరు ఆ గడిలో ఇంటిపేరు రాస్తారు, కొందరు రావు అని రాస్తారు. పాన్ నంబరులో ఐదో అక్షరం ఆ గడిలోని మాటకు మొదటి అక్షరమే కాబట్టి, ఒకే ఇంట్లో తండ్రి నంబరులో ఇంటిపేరు అక్షరం, కొడుకు నంబరులో R ఉండడానికి ఆస్కారం ఉంది.

మరి తెలుగు పేరును కుదించే తెలివైన వరస ఏది? దాన్ని కొత్తగా కనిపెట్టక్కర్లేదు, హాజరు పట్టీల్లో, పెళ్లి శుభలేఖల్లో, సినిమా టైటిళ్లలో మనవాళ్లు ఎప్పటి నుంచో పాటిస్తున్నదే. ముందుగా శ్రీ, డాక్టర్, మిస్టర్ లాంటివి, చుక్కలు తీసేయాలి. అప్పటికీ పట్టకపోతే ఇంటిపేరును పొడి అక్షరం చేయాలి, అందులో రెండు మాటలుంటే రెండక్షరాలు. ఇంకా పట్టకపోతే వెంకట, నాగ, సత్య, లక్ష్మి లాంటి ముందుమాటను ఒక్క అక్షరం చేయాలి. ఆ తర్వాతే రావు, రెడ్డి, కుమార్, దేవి లాంటి తోకమాట వంతు. పిలిచే పేరు మీద చేయి వేయడం అన్నిటికంటే చివర. గడిలో పట్టగానే అక్కడితో ఆగిపోవాలి, అవసరానికి మించి ఒక్క అక్షరం కూడా తీయకూడదు.

రమణ పేరును రైల్వే ఫారంలో ఈ వరసలో పెట్టి చూస్తే, ఇంటిపేరు తగ్గించాక N VENKATA RAMANA వస్తుంది. ఖాళీలతో కలిపి 16. ఒక్కటి ఎక్కువ. కాబట్టి ముందుమాట కూడా తగ్గి N V RAMANA అవుతుంది, 10 గడుల్లో హాయిగా సరిపోతుంది. ఘంటసాల పేరు బ్యాంకు కార్డులో ఇంటిపేరు తగ్గించగానే G VENKATESWARA RAO అయి 18కి వచ్చి ఆగుతుంది. రైల్వే 15లో తోకమాట కూడా వదిలి G VENKATESWARA, 14. చూసినవాళ్లకు మనిషి తెలుస్తాడు, గుర్తింపు కార్డుతో పోల్చినా మాటలు అదే వరసలో ఉంటాయి.

ఈ వరసకు పట్టుబడని పేర్లూ ఉన్నాయి. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం పేరులో ఇంటిపేరు రెండు మాటలనూ కుదించాక S P BALASUBRAHMANYAM మిగులుతుంది. అది 20. బ్యాంకు కార్డులో పడుతుంది, 15లో పట్టదు. ఇక తగ్గించడానికి ఏ మాటా లేదు, పిలిచే పేరునే కోయాలి. S P BALASUBRAHM దగ్గర ఆపడం తప్ప దారి లేదు. S P BALU అంటే ముద్దుగా ఉంటుంది కానీ అది ఏ గుర్తింపు కార్డు మీదా ఉండని పేరు, తనిఖీలో నిలబడదు. అసలు పేరులో వరసగా ఉన్న అక్షరాలు తప్ప కొత్తవి చేర్చకూడదన్నది ఇందులో గట్టిగా పట్టుకోవాల్సిన నియమం. LAKSHMIని LAXMI చేస్తే రెండక్షరాలు కలిసొస్తాయని కౌంటర్లలో చేసే పని కూడా ఇలాంటిదే. స్పెల్లింగు మారిన పేరు కంప్యూటర్‌కు వేరే పేరు.

ఇంకో పరిమితి కూడా ఒప్పుకోవాలి. ఏది పిలిచే పేరో యంత్రానికి తెలియదు. తోకమాటల జాబితా ఇచ్చి నేర్పవచ్చు, కానీ కుమార్ ఒకరికి తోక, మరొకరికి అదే పేరు. అందుకే సాఫ్ట్‌వేర్ రెండు మూడు పొట్టి రూపాలు చూపించి, మనిషిని ఒకటి ఎంచుకోమనడమే సరి.

కోత పడిందని తెలిసేలా ఉంచడం ఇంత పనిలోనూ అందరూ మరిచిపోయేది. పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలుంటాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 9303 నంబరు పత్రంలో వాటి నియమాలన్నీ ఉన్నాయి. ఒక్కో వరస 44 గడులు, మొదటి వరసలో పేరుకు 39. ఇంటిపేరు అయ్యాక రెండు బాణాలు, మిగతా మాటల మధ్య ఒక్కొక్కటి. పేరు అయిపోయాక మిగిలిన గడులను బాణాలతో నింపుతారు. కాబట్టి ముప్పై తొమ్మిదో గడిలో బాణం ఉంటే పేరు పూర్తిగా ఉన్నట్టు. అక్షరం ఉంటే కోత పడి ఉండవచ్చని హెచ్చరిక. బాలసుబ్రహ్మణ్యం పూర్తి పేరు ఈ పద్ధతిలో 42 గడులవుతుంది, 39 దగ్గర ఆపితే ఇలా ఉంటుంది.

```
SRIPATHI<PANDITARADHYULA<<BALASUBRAHMAN
```

చివర అక్షరమే ఉంది కాబట్టి చూసే అధికారి అదే పేజీలో పైన అచ్చయిన పూర్తి పేరు చదువుకోవాలి. అయితే ఈ సూచన అనుమానమే, రుజువు కాదు. బ్యాంకు కార్డు గడికి ఇదే సూత్రం పెడితే NUTHALAPATI VENKATA RAMANA చివరి గడి దాకా నిండి ఉంటుంది, కోత పడినట్టు అనిపిస్తుంది. నిజానికి ఒక్క అక్షరం కూడా పోలేదు. ఈ అనుమానానికి తావులేని పద్ధతి అమెరికా డ్రైవింగ్ లైసెన్సుల్లో ఉంది. లైసెన్సు వెనకనున్న బార్‌కోడ్‌లో ఇంటిపేరుకు, మొదటి పేరుకు, మధ్య పేరుకు వేర్వేరుగా ఒక్కో గుర్తు ఉంటుంది. కోసినట్టయితే T, కోయకపోతే N, తెలియకపోతే U. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ల లైసెన్సుల్లోనూ ఈ మూడు గుర్తులుంటాయి. ఒక్కో పేరుకు ఒక్క అక్షరం ఖర్చుతో తగాదా తీరిపోయే ఈ ఏర్పాటు మన కార్డుల్లో ఎందుకు పెట్టకూడదో సమాధానం దొరకదు.

గడులు పెంచితే పోలేదా అన్న ప్రశ్నకు హవాయి అనుభవం ఉంది. 2013లో అక్కడి ఒక మహిళ ఇంటిపేరు 35 అక్షరాలు, ఒక ఉచ్చారణ గుర్తు కలిపి 36 గడులైంది. లైసెన్సులో గడులు 35. ఇంటిపేరు చివరి అక్షరం పోయింది, సొంత పేరుకు అసలు చోటే లేకపోయింది. ఆమె పట్టుబట్టాక రాష్ట్రం గడులను 40కి పెంచింది. ఆమెకు న్యాయం జరిగింది. కానీ 41 అక్షరాల పేరు వచ్చిననాడు ఏ వరసలో కోయాలో ఆ పెంపు చెప్పదు.

తెలుగు లిపిలో కొలత మారిపోతుంది, ప్రమాదం కూడా మారుతుంది. నూతలపాటి వెంకటరమణ అని తెలుగులో రాస్తే కంటికి కనిపించేవి 11 అక్షరాలు, ఒక ఖాళీ. కంప్యూటర్ మాత్రం గుణింతాలను, సున్నాను విడిగా లెక్కేసి 17 అంటుంది. వాటిని దాచుకోవడానికి యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 49 బైట్లు. గడిని అక్షరాల్లో కొలిచారా, గుర్తుల్లోనా, బైట్లలోనా అన్నది తెలియకుండా కోస్తే ఏం తెగుతుందో చెప్పలేం. వెంకటేశ్వర్లు అన్న పేరులో గుర్తులు 13, బైట్లు 39. గడి 24 బైట్లయితే మొదటి ఎనిమిది గుర్తులు మిగులుతాయి. అప్పుడు అచ్చయ్యేది వెంకటేశ్. చెడిపోయిన మాటలా కనబడితే ఎవరైనా పట్టుకుంటారు. ఇది ఇంకొకరి నిజమైన పేరు, ఎవరికీ అనుమానం రాదు. గడి 32 బైట్లయితే పది గుర్తులు పోగా రెండు బైట్లు తెగిన ముక్కగా మిగిలి, చివర ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ గుర్తు వస్తుంది. తెలుగు రాసిన కార్డు మీద ఆ గుర్తు కనబడితే బైట్ల మధ్యలో కోత పడిందని తేలికగా గుర్తుపట్టవచ్చు. ఒత్తూ గుణింతం వేరు పడకుండా నిండు అక్షరం దగ్గరే ఆగాలన్న నియమం యూనికోడ్‌లో రాసిపెట్టి ఉంది, అది తెలిసిన సాధనాలూ ఉన్నాయి. వాడితే సరిపోతుంది.

తెలుగు లిపికి ఒక లాభం కూడా ఉంది. మన పొడి అక్షరం గుణింతంతో సహా వస్తుంది. కొడవటిగంటి కుటుంబరావు ఇంగ్లీషులో K K RAO అయితే ఎవరో తెలియదు. తెలుగులో కొ.కు. అంటే పాఠకులకు వేరే మాట అక్కర్లేదు. చాగంటి సోమయాజులు చాసో అయ్యారు, రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి అయ్యారు. ఇంగ్లీషు కార్డు మీద కూడా రెండు గడులు మిగిలితే N బదులు NU అని ఉంచడానికి ఏ ప్రమాణమూ అడ్డు చెప్పదు.

కుదించిన పేరు తర్వాత పూర్తి పేరుతో పోల్చే దగ్గర జనం ఎక్కువ తిప్పలు పడతారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌బుక్కులో ఇంకో రూపం. పాన్‌ను ఆధార్‌తో కలపాలన్నప్పుడు పేర్లు కలవక మీసేవ, ఆధార్ కేంద్రాల చుట్టూ తిరిగినవాళ్లు ప్రతి ఊరిలో ఉన్నారు. అక్షరం అక్షరం పోల్చే ప్రోగ్రాంకు N, NUTHALAPATI వేరువేరు. మాట మాట పోల్చాలి. ఒక్క అక్షరమే ఉన్న మాట, అదే అక్షరంతో మొదలయ్యే మాటతో సరిపోయిందనుకోవాలి. ఖాళీలు తీసేసి VENKATARAMANA, VENKATA RAMANA ఒకటే అని గుర్తించాలి. అయితే N V RAMANA అన్న పేరుతో పదిమంది ఉంటారు కాబట్టి, పుట్టిన తేదీ లాంటి రెండో ఆధారం లేకుండా దీన్ని నమ్మకూడదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు ఆ పొడి అక్షరమే మారిపోతుంది. అక్కడ ఏ ప్రోగ్రామూ ఊహించకూడదు, మనిషిని అడగాలి, కాగితం చూడాలి.

కోసే పని ఎవరు చేయాలన్నది టికెట్‌ను బట్టి ఉంటుంది. విమానం టికెట్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరే ఇవ్వాలి. బుకింగ్‌లో దానికి చోటుంది, 20 గడుల కోత బార్‌కోడ్ దగ్గర యంత్రమే వేసుకుంటుంది. ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం కొడితే కొన్ని సైట్లు తీసుకోవు కూడా. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు పనికిరావు. రైలు ఫారం మీద, బ్యాంకు కార్డు దరఖాస్తు మీద మాత్రం యంత్రానికి వదలకుండా ఎవరి పేరు వాళ్లే కుదించి రాయాలి. ఖాళీలతో సహా గడులు లెక్కపెట్టి, ఇంటిపేరు ముందు తగ్గించి, పిలిచే పేరు పూర్తిగా ఉంచి రాయండి. ఒకసారి ఎంచుకున్న పొట్టి రూపాన్నే ప్రతిచోటా వాడండి.